పొలం ఫొటోలో ట్రాక్టర్ తరగతిని, వెనక ఉన్న పనిముట్టును గుర్తించడం: చక్రం, జోడింపు, నేల

పొలంలో తీసిన ట్రాక్టర్ ఫొటో చూపించి ఇదేమిటని అడిగితే, చాలామంది ముందు బానెట్ రంగు చూసి కంపెనీ పేరు చెబుతారు, ఆ తరువాత వెనక ఉన్న ఇనుప సామాను ఆకారాన్ని బట్టి కల్టివేటర్ అనో రోటావేటర్ అనో అంటారు. ఈ రెండు చూపులూ తరచుగా తప్పుదారి పట్టిస్తాయి. ఒకే కంపెనీ 20 హార్స్ పవర్ బండినీ 60 హార్స్ పవర్ బండినీ అదే రంగులో తయారుచేస్తుంది కాబట్టి రంగును బట్టి తరగతి తెలియదు. ఇక పనిముట్టు సంగతికి వస్తే, దుమ్ములోనో, మట్టిలో సగం దిగబడో, చక్రం చాటునో ఉన్న యంత్రం ఆకారం పూర్తిగా కనబడేది తక్కువ.

ఇంతకంటే నమ్మదగిన ఆధారాలు ఫొటోలో మూడు చోట్ల ఉంటాయి. వెనక చక్రం ట్రాక్టర్ తరగతిని చెబుతుంది, ట్రాక్టర్‌కూ పనిముట్టుకూ మధ్య ఉన్న జోడింపు పనిముట్టు జాతిని చెబుతుంది, పనిముట్టు దాటిపోయిన నేల ఆ రెండింటినీ సరిచూసుకునే వీలు కల్పిస్తుంది.

తరగతి అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. ఇంజను శక్తిని బట్టి ట్రాక్టర్లను మూడు పెద్ద గుంపులుగా విడదీస్తే ఫొటో పనికి సరిపోతుంది: 30 హార్స్ పవర్ లోపు చిన్నవి, 30 నుంచి 50 వరకు మధ్యస్థాయివి, 50కి పైన పెద్దవి. ఇంతకన్నా సన్నగా విడదీయడం ఫొటోతో అయ్యే పని కాదు. ఒకే చాసిస్, అవే టైర్లు, అదే బానెట్ ఉంచి, లోపలి ఇంజనును కొద్దిగా మార్చి 39, 42, 47 హార్స్ పవర్ మోడళ్లుగా అమ్మడం ఈ పరిశ్రమలో మామూలే. బయటి నుంచి చూసేవారికి వాటి మధ్య తేడా స్టిక్కరు మాత్రమే.

ఆ స్టిక్కరు మీది అంకెను కూడా యథాతథంగా తీసుకోకూడదు. జాన్ డీర్ 5050 డి అన్నప్పుడు చివరి రెండంకెలు 50 హార్స్ పవర్‌ను సూచిస్తాయి. మహీంద్రా 575 అన్నప్పుడు ఆ మూడంకెల్లో హార్స్ పవర్ ఎక్కడా లేదు. ఆ బండి 45 పరిధిలోది. కంపెనీ తన మోడళ్లకు అంకెలు ఎలా పెడుతుందో తెలిసినప్పుడే బానెట్ మీది సంఖ్య సాక్ష్యంగా పనికొస్తుంది. పైగా పాత బండ్ల బానెట్లు మారుతూ ఉంటాయి, స్టిక్కర్లు అంతకంటే తరచుగా మారుతుంటాయి.

వెనక చక్రం ఎందుకు నమ్మదగినది

ఇంజనులో పుట్టిన శక్తి లాగుడుగా మారేది వెనక టైరు నేలను పట్టుకున్నంత మేరకే. శక్తి ఎక్కువైతే ట్రాక్టర్ బరువూ పెరగాలి, ఆ బరువును మెత్తటి నేల మీద మోయడానికి టైరు వెడల్పూ ఎత్తూ కూడా పెరగాలి. అందుకే తయారీదారు ఇష్టం వచ్చిన టైరు బిగించలేడు. రమారమిగా చెప్పాలంటే, చిన్న ట్రాక్టర్లకు 8.3-20 వంటి టైర్లు, 35 దరిదాపుల్లో 12.4-28, 40 చుట్టూ 13.6-28, 45 నుంచి 50 మధ్య 14.9-28, అంతకు పైన 16.9-28 కనబడతాయి. వీటిలో మొదటి అంకె టైరు వెడల్పు, రెండో అంకె రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాల్లో. కొత్త పద్ధతిలో 13.6-28 కొలతకు సమానమైన టైరు మీద 340/85 ఆర్ 28 అని ఉంటుంది. అక్కడ 340 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. ఈ అంకెలు టైరు పక్క గోడ మీద ఉబ్బెత్తుగా అచ్చై ఉంటాయి కాబట్టి, ఫొటో తగినంత స్పష్టంగా ఉంటే ముందు అక్కడ పెద్దది చేసి చూడాలి. అంకె చదవగలిగితే కింద చెప్పబోయే కొలతలతో పని లేదు.

అంకె కనబడనప్పుడు రిమ్మునే కొలబద్దగా వాడుకోవచ్చు. రిమ్మూ టైరూ ఒకే చక్రంలో భాగాలు, కెమెరాకు దాదాపు ఒకే దూరంలో ఉంటాయి, కాబట్టి వాటి నిష్పత్తి మీద దూరం ప్రభావం పెద్దగా ఉండదు. అయితే కొలిచే తీరులో రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. ఫొటోను ఏటవాలుగా తీసినప్పుడు గుండ్రటి చక్రం పక్కలకు నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారంలో కనబడుతుంది. నిలువు కొలత మాత్రం చాలావరకు నిలుస్తుంది, కనుక ఎప్పుడూ నిలువుగానే కొలవాలి. రెండోది, దున్నిన నేలలో టైరు అడుగు భాగం మట్టిలోకి దిగి ఉంటుంది, కాబట్టి పూర్తి వ్యాసం కొలవడం కుదరదు. దానికి బదులు చక్రం నడిబొడ్డు నుంచి పైకి రెండు కొలతలు తీయాలి, ఒకటి రిమ్ము అంచు వరకు, మరొకటి టైరు పై అంచు వరకు. మడ్‌గార్డు టైరు పైభాగాన్ని కప్పేస్తే, నడిబొడ్డు నుంచి వెనకవైపు కొద్దిగా వాలుగా కొలిచి, అదే వాలులో రిమ్మునూ కొలవాలి.

28 అంగుళాల రిమ్ముకు అంచు పెదవితో కలిపి వ్యాసార్ధం సుమారు 380 మిల్లీమీటర్లు ఉంటుంది. 13.6-28 టైరు మొత్తం వ్యాసార్ధం సుమారు 655, 16.9-28ది సుమారు 718. అంటే టైరు కొలతను రిమ్ము కొలతతో భాగిస్తే మొదటిదానికి 1.72, రెండోదానికి 1.89 దగ్గర వస్తుంది, 12.4-28 అయితే 1.65 పక్కన, 14.9-28 అయితే 1.8 దగ్గర ఉంటుంది. పక్కపక్క కొలతల మధ్య తేడా నాలుగైదు శాతమే. పొలం టైరు మీది ఏటవాలు గట్లు కొత్తగా ఉన్నప్పుడు మూడు సెంటీమీటర్ల చుట్టూ ఎత్తుంటాయి, అరిగిపోయాక అంత మేరకు వ్యాసార్ధం తగ్గుతుంది. అంటే బాగా అరిగిన 14.9 టైరు కొలతలో 13.6 లాగే వస్తుంది. ఈ పద్ధతి 12.4ను 16.9 నుంచి నిక్కచ్చిగా విడదీస్తుంది గాని, ఇరుగుపొరుగు కొలతలను విడదీయలేదు. టైరును వెనక నుంచి చూసే వీలుంటే వెడల్పు కొంత సాయపడుతుంది, ఎందుకంటే 345 మిల్లీమీటర్లకూ 430 మిల్లీమీటర్లకూ మధ్య తేడా కంటికి తెలుస్తుంది.

దీనికంటే పెద్ద ఉచ్చు ఇంకొకటి ఉంది. 8.3-20 టైరుకు ఇదే నిష్పత్తి కడితే 1.6 దగ్గర వస్తుంది, అంటే 12.4-28కి అతి సమీపంగా. నిష్పత్తి ఒక్కటే చూసినవారికి 20 హార్స్ పవర్ చిన్న ట్రాక్టరూ 35 హార్స్ పవర్ ట్రాక్టరూ ఒకటిగా కనబడతాయన్న మాట. చిన్న ట్రాక్టర్లను పెద్దవాటి నమూనాలోనే తీర్చిదిద్దుతారు కాబట్టి, ఒంటరిగా నిలబడిన చిన్న ట్రాక్టర్ ఫొటో పెద్దదాని ఫొటోలా ఉండటంలో ఆశ్చర్యం లేదు. ఇక్కడ బండి బయటి నుంచి ఒక కొలత కావాలి. మనిషి ఉంటే మంచిది: 13.6-28 టైరు పై అంచు నిలబడిన పెద్ద మనిషి ఛాతీ దాకా వస్తుంది, 8.3-20 నడుము దగ్గరే ఆగుతుంది. డ్రైవరు కూర్చుని ఉంటే అతని మోకాళ్లు చూడాలి. చిన్న ట్రాక్టర్ మీద మోకాళ్లు స్టీరింగుకు ఆనుకున్నట్టు పైకి లేచి ఉంటాయి, మనిషి బండి కంటే పెద్దగా అనిపిస్తాడు. ఎవరూ లేకపోతే స్టీరింగు చక్రమే ఆధారం. దాన్ని పట్టుకోవాల్సినవి మనిషి చేతులే కాబట్టి బండి సైజు మారినా దాని వ్యాసం 40 సెంటీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది.

ముందు చక్రాల సంగతి త్వరగా తేలిపోతుంది. ముందు టైరు మీద నిలువుగా చుట్టూ తిరిగే గీతలుంటే అది రెండు చక్రాలతో లాగే ట్రాక్టర్. వెనక టైరు మీద ఉన్నట్టే ఏటవాలు గట్లుంటే నాలుగు చక్రాలూ లాగుతాయి. కొందరు ముందు, వెనక చక్రాల సైజులను పోల్చి చెబుతారు గాని, ఫోన్ కెమెరాతో దగ్గర నుంచి తీసినప్పుడు దూరపు చక్రం ఉన్నదానికన్నా బాగా చిన్నదిగా పడుతుంది, కాబట్టి గీతలను నమ్మడమే మేలు. పండ్లతోటల కోసం చేసే ఇరుకు ట్రాక్టర్లు మాత్రం ఈ లెక్కలన్నిటికీ మినహాయింపు: ఇంజను మధ్యస్థాయిది, టైర్లు చిన్నవి. బండి వెడల్పు దాని ఎత్తుతో పోలిస్తే మరీ తక్కువగా, టైర్లు బానెట్‌కు దగ్గరగా కనబడితే, టైరును బట్టి తరగతి చెప్పడం ఆపేయాలి. దమ్ము చేసే ట్రాక్టర్లకు వెనక టైర్ల బదులుగానో, టైర్లకు అదనంగానో ఇనుప చక్రాలు బిగిస్తారు. అప్పుడు కూడా రిమ్ము లెక్క పనికిరాదు.

జోడింపు చోటు చెప్పే సంగతి

వెనక పనిముట్టును ట్రాక్టర్‌కు తగిలించడానికి మూడు దారులున్నాయి. మొదటిది మూడు బిందువుల జోడింపు: కింద రెండు లోయర్ లింకులు, పైన మధ్యలో ఒక టాప్ లింకు, హైడ్రాలిక్ చేతులు లోయర్ లింకులను ఎత్తితే పనిముట్టు మొత్తం గాలిలోకి లేస్తుంది. రెండోది పీటీఓ, అంటే ట్రాక్టర్ వెనక తిరిగే కడ్డీ. సాధారణంగా నిమిషానికి 540 చుట్లు తిరిగే దీన్ని ఒక షాఫ్టు ద్వారా పనిముట్టుకు కలుపుతారు. మూడోది డ్రాబార్ లేదా హుక్, కేవలం లాగడానికి. కల్టివేటర్ మొదటిదాన్ని మాత్రమే వాడుకుంటుంది, రోటావేటర్ మొదటి రెండింటినీ వాడుకుంటుంది, ట్రైలర్ మూడోదాన్ని వాడుకుంటుంది. ఫొటోలో ఏ దారి వాడుకలో ఉందో తేలితే సగం పని అయిపోయినట్టే.

తికమక ఎక్కువగా టాప్ లింకుకూ పీటీఓ షాఫ్టుకూ మధ్య వస్తుంది, ఎందుకంటే రెండూ ట్రాక్టర్ వెనక నడిమధ్యలో, పనిముట్టు వైపు సాగి ఉన్న కడ్డీలే. టాప్ లింకు పైన ఉంటుంది, సన్నగా ఉంటుంది, రెండు కొసలా మరలున్న కడ్డీలూ నడుమ వాటిని బిగించే గొట్టమూ కనబడతాయి. అది పనిముట్టు మీద లేచిన స్తంభం కొసకు పిన్నుతో తగులుతుంది. పీటీఓ షాఫ్టు దానికి కింద, లోయర్ లింకుల మధ్య ఉంటుంది, లావుగా ఉంటుంది, చాలాసార్లు ప్లాస్టిక్ తొడుగుతో కప్పి ఉంటుంది, రెండు కొసలా మడత కీళ్లుంటాయి, పనిముట్టు నడుమ ఉన్న గేరుబాక్సులోకి దిగుతుంది. పై కడ్డీ ఒక్కటే కనబడి, దాని కింద ఖాళీగా వెలుతురు కనబడుతుంటే, ఆ యంత్రానికి పీటీఓ శక్తి అందడం లేదని అర్థం. అది రోటావేటర్ అయ్యే అవకాశం దాదాపు ఉండదు.

కల్టివేటర్‌ను ఇక గుర్తుపట్టడం తేలిక. దీర్ఘచతురస్రాకారపు ఇనుప చట్రం, దాని కింద రెండు వరసల్లో పళ్లు, ముందు వరస పళ్ల మధ్య ఖాళీల్లోకి వెనక వరస పళ్లు వచ్చేలా అమరిక. మన గొర్రు పనినే ఇది ట్రాక్టర్ బలంతో చేస్తుంది. స్ప్రింగు రకమైతే ఒక్కో పంటి పైన చుట్ట స్ప్రింగులు నిలబడి ఉంటాయి. రాయి తగిలినప్పుడు పన్ను వెనక్కి వంగి మళ్లీ చోటికి రావడానికి అవి. పని చేస్తున్నప్పుడు పళ్ల కర్రులు మట్టిలో ఉండి కనబడవు, కానీ స్ప్రింగులు చట్రం పైనే ఉంటాయి. అందుకే పళ్లు లెక్కపెట్టలేని ఫొటోలో స్ప్రింగుల గుంపులను లెక్కపెట్టాలి, అదీ కుదరకపోతే వెనక నేల మీద పడ్డ చాళ్లను లెక్కపెట్టాలి. తొమ్మిది పళ్లదయితే ఒక వరసలో నాలుగు, మరో వరసలో అయిదు ఉంటాయి. తొమ్మిది పళ్ల కల్టివేటర్ సాధారణంగా 35 నుంచి 45 హార్స్ పవర్ ట్రాక్టర్ వెనక ఉంటుంది, పదకొండు పళ్లది అంతకు కొంచెం పైన, అయిదు పళ్లది చిన్న ట్రాక్టర్ వెనక. టైరు 13.6 దగ్గర తేలి, వెనక తొమ్మిది చాళ్లు కనబడితే రెండు సాక్ష్యాలూ ఒకే మాట చెబుతున్నట్టు.

కల్టివేటర్‌తో పొరబడే పనిముట్టు విత్తన గొర్రు, అంటే సీడ్ డ్రిల్. పళ్ల అమరిక రెండింటికీ ఒకేలా ఉంటుంది. తేడా పైన ఉంటుంది: చట్రం మీద అడ్డంగా విత్తనాల పెట్టె, దాన్నుంచి ఒక్కో పంటి వెనక్కి దిగే గొట్టం, నేల మీద దొర్లుతూ గొలుసు ద్వారా పెట్టెలో విత్తనాలను వదిలే ఇరుసును తిప్పే చిన్న చక్రం. గొట్టాలు కనబడితే అది కల్టివేటర్ కాదు.

రోటావేటర్ దగ్గర మాత్రం కొంత ఆగాలి, ఎందుకంటే పనిచేసే భాగాన్ని అది పూర్తిగా దాచుకుంటుంది. బ్లేడ్లు అడ్డంగా తిరిగే ఇరుసు మీద, రేకు కప్పు కింద ఉంటాయి. పనిలో ఉన్నప్పుడు అవి ఫొటోలో కనబడవు. పైకి కనబడేవి ఇవి: యంత్రం వెడల్పంతా పరచుకున్న వంపు కప్పు, నడుమ గేరుబాక్సు, ఒక పక్క కింది దాకా దిగిన దళసరి పెట్టె, రెండు పక్కలా నేలను ఒరుసుకునే స్కిడ్లు, వెనక గొలుసులతోనో స్ప్రింగు కడ్డీలతోనో వేలాడే పలక. వీటిలో ఆ పక్క పెట్టె ముఖ్యమైన గుర్తు. నడుమ గేరుబాక్సుకు వచ్చిన శక్తి ఒక చివరకు వెళ్లి, ఆ పెట్టెలోని గేర్ల ద్వారానో గొలుసు ద్వారానో కిందికి దిగి ఇరుసును తిప్పుతుంది. ఒక పక్క బరువుగా, రెండో పక్క పలచగా కనబడే ఈ అసమానత రోటావేటర్ స్వభావంలోనే ఉంది.

అయితే కప్పూ, పీటీఓ షాఫ్టూ ఉన్న ప్రతిదీ రోటావేటర్ కాదు. పంట మోళ్లను ముక్కలు చేసే మల్చర్‌కూ కప్పు ఉంటుంది, దానికి పక్కన గేరు పెట్టె బదులు బెల్టుల మూత, వెనక పలక బదులు నున్నటి రోలరు తరచుగా ఉంటాయి. అది దాటిన నేల తిరగబడదు, పైన చెత్త ముక్కలు పరచుకుని ఉంటాయి. పవర్ హారోలో పళ్లు నిలువుగా నిలబడి చుట్టూ తిరుగుతాయి. దానికి వెడల్పంతా సాగిన పల్చటి గేరు తొట్టి నేలకు దగ్గరగా, వెనక పంజరం లాంటి రోలరు ఉంటాయి. రోటావేటర్ దాటిన నేల మెత్తగా, సన్నటి మట్టిగా, పలక ఈడ్చినట్టు సమంగా ఉంటుంది, అందులో చాళ్లు కనబడవు. యంత్రం మీద అనుమానం తీరనప్పుడు దాని వెనక మీటరు మట్టిని చూడటం చాలాసార్లు గొడవ తీర్చేస్తుంది.

రోటావేటర్ వెడల్పును బ్లేడ్ల సంఖ్యతో చెప్పడం వాడుక. ఇరుసు మీది ఒక్కో బిళ్లకు ఆరు బ్లేడ్ల చొప్పున 36 బ్లేడ్లది సుమారు అయిదడుగులు, 42ది ఆరడుగులు, 48ది ఏడడుగులు. కానీ ఫొటోలో కనబడని బ్లేడ్లను లెక్కపెట్టినట్టు రాయడం సరికాదు, వెడల్పే చెప్పాలి. వెడల్పు కోసం యంత్రాన్ని నేరుగా కొలిస్తే మోసం, ఎందుకంటే వెనక నుంచి తీసిన ఫొటోలో అది ట్రాక్టర్ కంటే కెమెరాకు దగ్గరగా ఉండి పెద్దదిగా పడుతుంది. నేల మీది ఆనవాళ్లే పోల్చుకోవాలి: దున్నిన పట్టీ అంచు ఎక్కడుంది, వెనక టైరు బయటి అంచు నేలను తాకిన గీత ఎక్కడుంది? మధ్యస్థాయి ట్రాక్టర్ వెనక టైర్ల బయటి అంచుల మధ్య దూరం చాలావరకు 1.7 నుంచి 1.8 మీటర్లు ఉంటుంది. పట్టీ రెండు టైరు జాడలనూ సరిగ్గా కప్పేస్తే యంత్రం ఆరడుగుల దరిదాపుల్లోది. ఒక పక్క టైరు జాడ తుడిచిపెట్టుకుపోయి, రెండో పక్క జాడ అలాగే మిగిలి ఉంటే అది అయిదడుగులది, పక్కకు జరిపి బిగించినది.

ట్రైలర్, అంటే తొట్టి, గుర్తించడం కష్టం కాదు. అది ఆ ట్రాక్టర్‌దేనా అన్నది తేల్చడమే కష్టం. కోత రోజుల్లో పొలంలో తొట్లు నిలబెట్టి ఉంటాయి, ముందు నుంచి ట్రాక్టర్ వెళుతున్నప్పుడు తీసిన ఫొటోలో రెండూ కలిసిపోయి కనబడతాయి. తొట్టి ముందు కొస ట్రాక్టర్ హుక్కు దాకా వచ్చి పిన్నుతో కలిసిందా అన్నది చూడాలి. అది చక్రం చాటున ఉంటే, లోయర్ లింకులు ఎత్తి కట్టేసి ఉన్నాయా, జాకీ ఉన్న తొట్టి అయితే ట్రాక్టర్ నుంచి హైడ్రాలిక్ గొట్టం దానిలోకి వెళుతుందా అన్నవి తరువాతి ఆధారాలు. రెండు చక్రాల తొట్టి ముందు భాగం బరువును ట్రాక్టర్ మీదే మోపుతుంది, విడిగా ఉంటే కాలు మీదో దిమ్మ మీదో నిలబడుతుంది. ఆ కాలు నేలను తాకి ఉంటే అది జతచేసిన తొట్టి కాదు. నాలుగు చక్రాలదానికి ముందు ఇరుసు తొట్టి కొసతో పాటు తిరుగుతుంది, దాన్ని ట్రాక్టర్ కేవలం లాగుతుంది. తొట్టి తగిలించి ఉన్న ట్రాక్టర్‌కు మూడు బిందువుల మీద కల్టివేటర్ కూడా ఉండదు, ఎందుకంటే హుక్కు ఉన్న చోటుకు అది అడ్డం. ఒకే ఫొటోలో రెండూ కనబడితే, కల్టివేటర్ తొట్టిలో పడి ఉందేమో చూడండి. పొలానికి పనిముట్లు అలాగే వస్తుంటాయి.

ఒక ఫొటోను మొదటి నుంచి చివరి దాకా

ఇప్పుడు ఒక ఫొటోను వరసగా చదువుదాం. ఎడమ వెనక మూల నుంచి తీసిన ఫొటో. బానెట్ దూరంగా, దుమ్ములో ఉంది, పేరు కనబడదు. డ్రైవరు లేడు. వెనక ఎడమ చక్రం స్పష్టంగా ఉంది, దాని వెనక వంపు కప్పున్న యంత్రం నేల మీద దించి ఉంది.

నడిబొడ్డు నుంచి రిమ్ము అంచుకు 150 పిక్సెళ్లు, టైరు పై అంచుకు 257 పిక్సెళ్లు. భాగిస్తే 1.71. రిమ్ము 28 అంగుళాలదైతే ఇది 13.6-28 లేదా అరిగిన 14.9-28. గట్లు నిండుగా లేవు, అంచులు గుండ్రబడ్డాయి, కాబట్టి రెండో అవకాశాన్నీ కొట్టిపారేయలేము. ఇంతకీ రిమ్ము 28 అంగుళాలదేనా? స్టీరింగు చక్రం ఏటవాలుగా ఉండి కోడిగుడ్డు ఆకారంలో కనబడుతోంది. దాని పొడవైన కొలతే అసలు వ్యాసం, అది 155 పిక్సెళ్లు. రిమ్ము 28 అంగుళాలదనుకుంటే ఒక పిక్సెలు రెండున్నర మిల్లీమీటర్లు, స్టీరింగు 39 సెంటీమీటర్లు అవుతుంది. 20 అంగుళాలదనుకుంటే స్టీరింగు 29 సెంటీమీటర్లకు పడిపోతుంది, అంత చిన్న స్టీరింగు ట్రాక్టర్‌కు ఉండదు. స్టీరింగు చక్రం రిమ్ము కంటే కొంచెం దూరంలో ఉందని లెక్కలోకి తీసుకున్నా తీర్పు మారదు. ముందు టైరు మీద నిలువు గీతలు కనబడుతున్నాయి. కాబట్టి ఇది రెండు చక్రాలతో లాగే మధ్యస్థాయి ట్రాక్టర్, 35 నుంచి 50 హార్స్ పవర్ లోపు.

జోడింపు దగ్గర పైన సన్నటి కడ్డీ, దాని కింద నల్లటి తొడుగున్న లావు షాఫ్టు నడుమ గేరుబాక్సులోకి దిగుతూ కనబడుతున్నాయి. కల్టివేటర్ పోయింది. కప్పు ఎడమ చివర దళసరి పెట్టె ఉంది, వెనక పలక గొలుసులతో వేలాడుతోంది, రోలరు లేదు. మల్చర్, పవర్ హారో రెండూ పోయాయి. కప్పు మీద విత్తనాల పెట్టె గాని గొట్టాలు గాని లేవు. రోటావేటర్ మీదే విత్తనాల పెట్టె బిగించిన యంత్రాలూ ఉంటాయి కాబట్టి ఇది చూడక తప్పదు. వెనక మట్టి సన్నగా, సమంగా ఉంది. దున్నిన పట్టీ ఎడమ అంచు టైరు జాడకు కొద్దిగా బయట పడింది, కుడి అంచు యంత్రం చాటున ఉంది. ఎడమ జాడ పూర్తిగా చెరిగిపోయింది గాని, కుడి జాడ కనబడదు కాబట్టి ఆరడుగులదో, పక్కకు జరిపిన అయిదడుగులదో తేల్చలేము. రెండూ ఈ తరగతి ట్రాక్టర్ లాగగలిగినవే, కనుక టైరు తీర్పుతో వైరుధ్యం లేదు. ఏడడుగుల యంత్రమని తేలి ఉంటే టైరును మళ్లీ కొలిచి, అరిగిన 14.9 వైపు మొగ్గేవాళ్లం.

నమోదు ఇలా ఉండాలి: రెండు చక్రాలతో లాగే ట్రాక్టర్, మధ్యస్థాయి తరగతి, ఓ మోస్తరు నమ్మకం; రోటావేటర్, మూడు బిందువుల మీద, పీటీఓ కలిపి ఉంది, పూర్తి నమ్మకం; వెడల్పు అయిదు లేదా ఆరడుగులు, తేలలేదు; బ్లేడ్ల సంఖ్య, కంపెనీ, మోడల్ ఖాళీ. ఖాళీలను ఊహతో నింపితే తరువాత ఆ నమోదు చూసేవారికి ఏది చూసి రాసిందో, ఏది అనుకుని రాసిందో విడదీయడం వీలుకాదు.

మరో ఫొటో అడిగే వీలుంటే ఒకటి చాలు. వెనక మూల నుంచి, అయిదారు మీటర్లు వెనక్కి జరిగి, ఫోన్‌లో రెండింతలు జూమ్ చేసి, కెమెరాను వెనక చక్రం నడిబొడ్డు ఎత్తుకు దించి తీయమనాలి. దూరం జరిగి జూమ్ చేయడం వల్ల దగ్గర వస్తువు ఉబ్బిపోవడం తగ్గుతుంది, కెమెరా దించడం వల్ల జోడింపు మడ్‌గార్డు చాటునుంచి బయటపడుతుంది, టైరు మీది అంకె చదవడానికీ అదే కోణం అనువైనది. పై ఫొటోలో తేలని వెడల్పు కోసమైతే కుడి వెనక మూల నుంచి, దున్నిన పట్టీ రెండు అంచులూ ఫ్రేములో పడేలా తీయమని చెప్పాలి.